యోహాను 3:16 రెండు తెలుగుల్లో

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలకు మొదట కంఠతా వచ్చే వాక్యాల్లో యోహాను సువార్త మూడో అధ్యాయం పదహారో వచనం ఒకటి. దేవుడు లోకాన్ని ప్రేమించి తన కుమారుణ్ణి ఇచ్చాడనీ, ఆ కుమారుణ్ణి నమ్మినవారు నశించరనీ, నిత్యజీవం పొందుతారనీ దాని సారాంశం. అమ్మమ్మకు అది బైబిల్ సొసైటీ వారి 'పరిశుద్ధ గ్రంథము'లోని మాటల్లో నోటికి వచ్చు. మనవరాలు ఫోన్‌లో 'తెలుగు సమకాలీన అనువాదం' తెరిచి చదువుతుంది. కుటుంబ ప్రార్థనలో ఇద్దరూ కలిసి చెప్పబోతే మొదటి క్రియ దగ్గరే గొంతులు విడిపోతాయి. ఒకరు 'ప్రేమించెను' అంటే మరొకరు 'ప్రేమించారు' అంటారు. ఆ తర్వాత మాటల వరసే మారిపోతుంది. 'అద్వితీయ' పోయి 'ఏకైక' వస్తుంది.

"వాక్యాన్ని మార్చకూడదమ్మా" అని పెద్దావిడ బాధపడటం ఊరికే కాదు. అరవై ఏళ్లు ప్రార్థనలో వాడిన మాటలవి. అయితే మారింది ఏమిటి, ఎందుకు మారింది అన్నది ఒక్కొక్క మాట దగ్గరా ఆగి చూడాలి. ఈ వచనంలోని తేడాలన్నిటికీ కారణం ఒకటి కాదు. కొన్ని తెలుగు భాష మారడం వల్ల వచ్చాయి. కొన్ని గ్రీకు వాక్యాన్ని తెలుగులో ఎలా నిలబెట్టాలన్న ఆలోచనలోంచి, ఒకటి గ్రీకు మాట అర్థం మీది చర్చలోంచి వచ్చాయి.

మనం పాత అనువాదం అంటున్నది ఒక్కరి చేతి పని కాదు. 18వ శతాబ్దంలోనే జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు అనువాదం చేశాడు కానీ అది అచ్చు కాలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్‌లు, బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయరు సాయంతో సువార్తలను తెలుగు చేశారు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో చనిపోయారు. వారి పని 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. తర్వాత ప్రిచెట్, వార్డ్‌లా, జాన్ హే వంటి వాళ్లు ఒకరి తర్వాత ఒకరు కొత్తగా అనువదిస్తూ, పాతదాన్ని దిద్దుతూ వచ్చారు. ఈ దిద్దుబాట్లు సాగిన కాలానికి తెలుగు వచనానికి గౌరవం ఉన్నది గ్రాంథికంలోనే. చిన్నయసూరి 'నీతిచంద్రిక' 1853లో, 'బాలవ్యాకరణం' 1858లో వచ్చాయి. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాటం మొదలుపెట్టింది 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో. పవిత్ర గ్రంథాన్ని వాడుక మాటల్లో అచ్చు వేయడమన్నది ఆనాటి పండితులకు ఊహలో కూడా లేని సంగతి.

అలాగని పరిశుద్ధ గ్రంథం చిన్నయసూరి తెలుగు కాదు. ఈ వచనంలోనే చూడండి, 'ప్రేమించెను' దగ్గర వాక్యం ఆపి, 'కాగా ఆయన' అని సంధి చేయకుండా రెండు పదాలూ విడివిడిగా ఉంచారు. వ్యాకరణ పండితుడు ఒప్పుకోని ఈ వదులుతనం వల్లనే చదువు తక్కువైనవాళ్లు కూడా దాన్ని బిగ్గరగా, తడబడకుండా చదవగలిగారు. క్రియలూ విభక్తులూ గ్రాంథికానివి, కూర్పు మాత్రం చెవికి అందేది. ఆ గ్రంథపు తెలుగుకు ఉన్న ప్రత్యేకమైన నడక ఈ కలయిక నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

ఇక మొదటి క్రియ సంగతి. 'ప్రేమించెను' పాతది, 'ప్రేమించాడు' కొత్తది అని సరిపెట్టుకుంటే అసలు విషయం జారిపోతుంది. గ్రాంథికంలో '-ఎను' అన్న ముగింపు ఏకవచనంలో అందరికీ ఒకటే. వాడు వచ్చెను, ఆమె వచ్చెను, ఆవు వచ్చెను. ఆ క్రియ స్త్రీపురుష భేదం చెప్పదు, మర్యాదా చెప్పదు. అందువల్ల పాత అనువాదకులు దేవుణ్ణి 'ఆయన' అంటూనే ఆ క్రియ రాసేసి ముందుకు వెళ్లగలిగారు. దేవుడికి బహువచనం పెట్టాలా వద్దా అన్న ప్రశ్న వారి ముందుకు రాలేదు.

వాడుక తెలుగులోకి రాగానే ఆ వెసులుబాటు పోతుంది. 'ప్రేమించాడు', 'ప్రేమించారు' ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోక తప్పదు, మధ్యలో మరో రూపం లేదు. సమకాలీన అనువాదం 'ప్రేమించారు' అని గౌరవ బహువచనం తీసుకుంది. ఈ ఎంపిక కొందరి చెవికి హాయిగా ఉంటుంది, కొందరికి గుచ్చుకుంటుంది. పెద్దవాళ్ల గురించి 'వచ్చారు, అన్నారు' అని తప్ప మాట్లాడని ఇంట్లో పెరిగినవాళ్లకు దేవుడి విషయంలో 'అన్నాడు' అనడం మోటుగా తోస్తుంది. కోస్తా ఊళ్లలో 'మా నాన్న వచ్చాడు' అని ప్రేమగా అనే ఇళ్లూ తక్కువేమీ కాదు. అక్కడ 'ఆయన అన్నాడు' అంటే అమర్యాద లేదు. పైగా తెలుగువాళ్లు ఏ మతం వారైనా దేవుణ్ణి నేరుగా పిలిచేటప్పుడు ఎక్కువగా 'నీవు' అనే అంటారు. ప్రార్థనలో 'ప్రభువా, నీవు' అని పిలిచినవాణ్ణే చదివేటప్పుడు 'వారు' చేయడం నాకు కొంచెం దూరం పెట్టినట్టు అనిపిస్తుంది. ఇది నా చెవి చెప్పేది మాత్రమే. గ్రీకులో గౌరవ బహువచనం అన్నదే లేదు కాబట్టి మూలం ఈ తగాదా తీర్చదు.

తర్వాతిది వాక్య నిర్మాణం. ఈ వచనంలో పెద్ద తేడా ఇక్కడే ఉంది. గ్రీకులో పనుల వరస ఇలా సాగుతుంది: ప్రేమించడం, కుమారుణ్ణి ఇవ్వడం, నమ్మేవాడు నశించకపోవడం, జీవం పొందడం. ఇచ్చాడన్నది ప్రధాన వాక్యంలో భాగం. ఎందుకు ఇచ్చాడన్నది దానికి వెనక తగిలించిన ఉపవాక్యం. గ్రీకులో అలా వెనక తగిలించడం సులువు. తెలుగులో క్రియ చివరికి రావాలి, 'ఫలానా జరిగేట్టు' అన్న ఉద్దేశం క్రియకు ముందే రావాలి. కాబట్టి 'ఇచ్చాడు' అన్నదాన్ని ఆఖరున పెట్టి, దానికి ముందు ఉద్దేశమంతా చెప్పుకురావాలి.

పాత అనువాదకులు సరిగ్గా అదే చేశారు. 'పొందునట్లు' అని ఉద్దేశాన్ని ముగించి, చివర 'అనుగ్రహించెను' అన్నారు. అయితే దానివల్ల ఒక చిక్కు వచ్చింది. ఉద్దేశంలో 'ఆయనను నమ్మే ప్రతివాడు' అని ఉంది. ఆ 'ఆయన' ఎవరో అప్పటికి వినేవాడికి తెలియదు, ఎందుకంటే కుమారుడి మాట ప్రధాన వాక్యంలో ఉంది, అది ఇంకా రాలేదు. అందుకని వాళ్లు కుమారుణ్ణి ముందుకు తీసుకొచ్చి ఉద్దేశపు భాగంలోనే పరిచయం చేశారు. ఆఖరున ఇచ్చాడన్న చోట 'ఆయనను' అన్న సర్వనామం మిగిల్చారు. వాక్యం మొత్తం ఒకే ఊపిరిలో, ఏ కీలూ ఊడకుండా నిలబడింది. తెలుగు వాక్యం ఎలా నడుస్తుందో బాగా తెలిసినవాళ్లు మాత్రమే చేయగల పని అది.

దానికి వాళ్లు చెల్లించిన మూల్యం కూడా ఉంది. గ్రీకులో ముందుగా వినబడేది ఇవ్వడం. పాత తెలుగులో ముందుగా వినబడేది నమ్మడం, ఇవ్వడం ఆఖరున వస్తుంది. రెండో వాక్యంలో మొదటి 'ఆయన' దేవుడు, చివరి 'ఆయనను' కుమారుడు. కంఠతా పట్టిన పిల్లలను 'ఎవరు ఎవరిని అనుగ్రహించారు?' అని అడిగితే చాలామంది తడుముకుంటారు. వాక్యం నోటికి వచ్చినా దాని ముడి విప్పడం రాదు.

కొత్త అనువాదం ఈ ముడిని విప్పేసింది. ప్రేమించిన సంగతి, కుమారుణ్ణి ఇచ్చిన సంగతి ముందు చెప్పి, నమ్మినవారు జీవం పొందాలన్నది 'ఆయన ఉద్దేశం' అని చివర వేరుగా చెప్పింది. గ్రీకులో 'ఉద్దేశం' అన్న నామవాచకం లేదు. ఉపవాక్యం మొదట ఉన్న 'హినా' అనే చిన్న అవ్యయం ఆ పని చేస్తుంది. వాక్యాన్ని విరిచినందువల్ల ఆ అవ్యయం బలాన్ని తెలుగులో ఒక మాటగా చెప్పాల్సి వచ్చింది. కాబట్టి అది లేనిది చేర్చడం కాదు, దాగి ఉన్నది బయటపెట్టడం. ఇవ్వడం మళ్లీ తన చోటికి, ప్రేమించడం పక్కకు వచ్చింది. ఇది స్పష్టమైన లాభం.

కానీ ఇక్కడా సర్వనామాల బెడద తీరలేదు. కుమారుణ్ణి ఇచ్చిన 'ఆయన' దేవుడు, ఎవరిలో విశ్వాసముంచాలో ఆ 'ఆయన' కుమారుడు, ఎవరి ఉద్దేశమో ఆ 'ఆయన' మళ్లీ దేవుడు. ఒకే మాట చుట్టూ ముగ్గురున్నట్టు అయింది. చదివేవాడికి సందర్భం చెబుతుంది, వినేవాడు తేల్చుకోవాలి. తండ్రికీ కుమారుడికీ ఇద్దరికీ గౌరవంగా 'ఆయన' అనాల్సిన తెలుగులో ఈ ఇబ్బందిని పూర్తిగా తప్పించడం చాలా కష్టం. మధ్యలో 'ఆ కుమారునిలో' అని ఒక్క మాట వాడితే వాక్యం ఇంకా తేటపడేదని నా నమ్మకం.

ఈ రెండు అనువాదాలూ కలిసి నిలబడిన మాటొకటి ఉంది. గ్రీకులో ఉన్నది 'ఇచ్చాడు' అన్న మామూలు క్రియ. రెండు తెలుగులూ 'అనుగ్రహించు' అనే అన్నాయి. పైనున్నవాడు కిందివాడికి దయతో ఇచ్చేదాన్ని 'ఇచ్చాడు' అని మాత్రమే అనడానికి తెలుగు నోరు ఒప్పుకోదు.

ఇప్పుడు 'అద్వితీయ'. పెద్దవాళ్లను ఎక్కువగా కలవరపెట్టే మార్పు ఇదే. 'అద్వితీయ' అంటే రెండోది లేనిది. ఛాందోగ్యోపనిషత్తులో పరతత్త్వానికి వాడిన విశేషణం ఇది. అంత బరువున్న మాటను తెచ్చి యేసుకు పెట్టడం మామూలు ఎంపిక కాదు. సంస్కృతం చదువుకున్న సాటి తెలుగువాడు విన్నా ఆ మాట దగ్గర ఆగుతాడు.

మూలంలో ఉన్న గ్రీకు మాట 'మొనొగెనేస్'. దీని అర్థం మీద చాలాకాలంగా చర్చ ఉంది. 'మొనొస్' అంటే ఒక్క. రెండో భాగం పుట్టడానికి సంబంధించిన క్రియ నుంచి వచ్చిందనుకుంటే 'ఒక్కడిగా పుట్టినవాడు' అవుతుంది. జెరోమ్ లాటిన్ అనువాదంలో 'ఉనిజెనితుస్' అన్నది ఈ అర్థమే, పాత ఇంగ్లీషు బైబిల్ కూడా ఆ దారినే వెళ్లింది. 20వ శతాబ్దంలో ఎక్కువమంది పండితులు ఆ రెండో భాగం 'గెనొస్', అంటే జాతి, రకం అన్న మాటకు చేరుతుందని చెప్పారు. అప్పుడు 'తన వంటివాడు మరొకడు లేనివాడు', 'ఒకే ఒక్కడు' అని అర్థం వస్తుంది. వాడుకలో దానికి ఆధారం కూడా ఉంది. లూకా సువార్తలో నాయీను ఊరి విధవరాలి ఒక్కగానొక్క కొడుకుకూ, యాయీరు ఒక్కగానొక్క కూతురికీ ఇదే మాట వాడారు. హెబ్రీయులకు రాసిన పత్రిక ఇస్సాకును ఇదే మాటతో పిలుస్తుంది. అబ్రాహాముకు అప్పటికే ఇష్మాయేలు ఉన్నాడు కాబట్టి ఇస్సాకు పుట్టిన ఒక్కడు కాదు, వాగ్దానం మూలంగా సాటిలేని ఒక్కడు. ఈమధ్య కొందరు పండితులు మళ్లీ పుట్టుక అర్థం వైపు వాదిస్తున్నారు. చర్చ ముగిసిపోలేదు.

ఈ వెలుగులో పాత తెలుగును చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మూడో అధ్యాయం పదహారులో 'అద్వితీయకుమారునిగా పుట్టిన' అని ఉంది. అంటే సాటిలేనితనం, పుట్టుక రెండూ వచ్చాయి. అదే గ్రీకు మాట రెండు వచనాల తర్వాత పద్దెనిమిదిలో మళ్లీ వస్తుంది. అక్కడ పాత అనువాదం 'అద్వితీయ కుమారుడు' అన్న అర్థంతో సరిపెట్టింది, 'పుట్టిన' లేదు. మొదటి అధ్యాయం పద్దెనిమిదిలోనూ అంతే. మరి పదహారులో మాత్రం ఎందుకు వచ్చింది? పాత ఇంగ్లీషు బైబిల్ నీడ పడి ఉండవచ్చు. కానీ వాక్య నిర్మాణం కూడా ఆ మాటను అడుగుతున్నట్టు నాకు కనిపిస్తుంది. కుమారుణ్ణి ఉద్దేశపు భాగంలో మొదటిసారి పరిచయం చేయాలంటే 'ఫలానా వానియందు' అన్న కూర్పు కావాలి. దానికి ముందు ఒక విశేషణ క్రియ ఉంటే వాక్యం సాఫీగా నడుస్తుంది. 'పుట్టిన' ఆ పని చేసింది. కొత్త అనువాదం వాక్యాన్ని విరిచింది కాబట్టి దానికి ఆ అతుకు అవసరం లేకపోయింది. అందుకే 'ఏకైక కుమారుడు' అంటే సరిపోయింది. 'పుట్టిన' తీసేశారంటే కుమారుని దైవత్వం తగ్గించారని కొందరు భయపడతారు. పాత అనువాదమే పక్క వచనంలో ఆ మాట లేకుండా నిశ్చింతగా ఉన్నప్పుడు ఆ భయానికి తావు లేదు.

అయితే 'ఏకైక' అన్నది 'అద్వితీయ'తో సమానమా అంటే కాదనే అంటాను. 'ఏకైక' లెక్క చెబుతుంది, వార్తాపత్రికల్లో ఏకైక వారసుడు, ఏకైక మార్గం అని రోజూ వింటున్నాం. 'అద్వితీయ' సాటిలేనితనం చెబుతుంది. చిత్రమేమిటంటే 'సాటిలేని' అన్న అర్థాన్నే సమర్థించే పండితుల వాదానికి, అది బలపడక ముందే పుట్టిన పాత తెలుగు మాట ఎక్కువ దగ్గరగా ఉంది. నాయీను విధవరాలి కొడుకు దగ్గర మాత్రం 'అద్వితీయ' కుదరదు, 'ఒక్కగానొక్క' అన్నదే తల్లి గుండెకు సరిపోతుంది. ఒకే గ్రీకు మాటకు అన్నిచోట్లా ఒకే తెలుగు మాట వెతకడం ఎందుకు కుదరదో ఇక్కడ తెలుస్తుంది.

చిన్నదే అయినా వదలకూడని మరో మార్పు 'ప్రతివాడును' అన్నది 'ప్రతి ఒక్కరు' కావడం. తెలుగు ఏకవచనంలో 'వాడు' మగవాళ్లకే. బహువచనం 'వారు' మాత్రమే ఆడవాళ్లనూ మగవాళ్లనూ కలుపుకుంటుంది. పాత పుస్తకభాషలో 'ప్రతివాడు' అంటే ఎవరైనా అని అర్థమయ్యేది. ఇవాళ ఒక స్త్రీ ఆ మాట చదివితే తాను అందులో లేనట్టు అనిపించవచ్చు. గ్రీకు వ్యాకరణంలో అది పుంలింగమే అయినా ఉద్దేశం అందరూ అన్నదే. ఇక్కడ కొత్త మాట మూలానికి దూరమవలేదు, దగ్గరైంది.

ఇంతవరకూ చెప్పిన తేడాల వెనక గ్రీకు వాక్యం ఒకటే. అన్ని వచనాల్లోనూ అలా ఉండదు. ఇదే అధ్యాయం పదమూడో వచనంలో మనుష్యకుమారుడు పరలోకంలో ఉన్నవాడన్న అర్థమిచ్చే చిన్న భాగం పరిశుద్ధ గ్రంథంలో ఉంది. చాలా కొత్త అనువాదాల్లో అది కనబడదు, లేదా పేజీ కింద గమనికలోకి వెళ్లింది. సినాయ్, వాటికన్ రాతప్రతుల్లోనూ, అంతకన్నా పాతవైన రెండు పపైరస్ ప్రతుల్లోనూ ఆ భాగం లేకపోవడమే దానికి కారణం. ఆ పపైరస్‌లు 20వ శతాబ్దం మధ్యలో కానీ అచ్చులోకి రాలేదు. పాత తెలుగు అనువాదకులు వాటిని చూసే వీలే లేదు. కాబట్టి రెండు బైబిళ్లు పక్కపక్కన పెట్టినప్పుడు క్రియల చివరలు మారితే తెలుగు మారిందని, మాట మారితే అర్థం మీద ఎవరో ఆలోచించారని, ఒక భాగమే మాయమైతే పేజీ అడుగున గమనిక చూడాలని గుర్తుపెట్టుకుంటే చాలావరకు కారణం దొరుకుతుంది.

చివరిగా, చదివేటప్పుడు కంటికి ఆనని మార్పు ఒకటి ఉంది. మూడో అధ్యాయంలో రాత్రివేళ వచ్చిన నీకొదేముతో యేసు మాట్లాడుతుంటాడు. ఆ మాటలు ఎక్కడ ఆగుతాయి? గ్రీకు రాతప్రతుల్లో కొటేషన్ గుర్తులు లేవు. పాత తెలుగు అచ్చులోనూ ఇక్కడ లేవు, అందుకే పదహారో వచనం ఎవరి నోటి మాటో అది తేల్చలేదు. గుర్తులు పెట్టే కొత్త అనువాదాలకు ఆ అవకాశం లేదు, ఎక్కడో ఒకచోట మూయాలి. పదిహేనో వచనం చివర మూస్తే పదహారు సువార్త రాసిన యోహాను మాట అవుతుంది. ఇరవై ఒకటి దాకా తెరిచి ఉంచితే అది యేసే నీకొదేముకు చెప్పినది అవుతుంది. లోకంలోని అనువాదకులు ఈ విషయంలో రెండు వైపులా ఉన్నారు, కొందరు ఒక చోట మూసి రెండో అవకాశాన్ని గమనికలో రాస్తారు. ఇంట్లో రెండు బైబిళ్లు ఉన్నవాళ్లు ఈసారి మాటలతోపాటు ఆ చిన్న గుర్తు ఎక్కడుందో కూడా చూడవచ్చు.